చిట్టెం దిబ్బ

బడిలో పిల్లకో వేప మొక్క ఇచ్చి, శుక్రవారంలోపు నాటి ఫొటో పంపాలన్నారు. చేను గట్టున పెడతానంటే రమ్య వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

"ట్రాక్టరుకు అడ్డమైతది. ఆ చిట్టెం దిబ్బ మీద పెట్టుకో పో."

వాళ్ల పసుపు చేను మూలన ఉంటుంది ఆ దిబ్బ. నల్లగా, మాడిన బెల్లం పాకం గడ్డకట్టినట్టు బొక్కలు బొక్కల రాళ్లు. నడిస్తే కాళ్ల కింద గరగరమంటుంది. పల్లేరు తప్ప ఏమీ మొలవదు. రాళ్ల మధ్యలో వేలంత మందం పెంకులు కూడా దొరుకుతాయి, ఒక పక్క మట్టి, ఇంకో పక్క సీసా గాజులాగా మెరుస్తూ. ఊళ్లో ఆడపిల్లలందరికీ తొక్కుడుబిళ్లలు అవే. జారిపోకుండా గీత మీద నిలబడతాయి. రమ్య సంచిలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

మోకాలు లోతు తవ్వేసరికి గడ్డపార ఖణేల్‌మంది. రాయైతే ఠప్పుమనాలి. చేత్తో మన్ను తీసింది. తుప్పు పట్టిన ముద్ద ఒకటి. అడుగు గుండ్రంగా, పైన చదునుగా, చిన్న పిల్లలకు పెట్టే గటక ముద్దంత. ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి లాగింది.

మొక్క సంగతి మర్చిపోయి, దాన్ని లంగాలో చుట్టుకుని ఇంటికి పరిగెత్తింది.

బాపమ్మ చూసి అరుగు దిగి అవతలికి పోయింది. "అవతల పడేయ్ బిడ్డా! బాంబేమో! అన్నల కాలంల రోడ్డు కింద పాతిపెట్టేటోళ్లు." ఆ రోజులు చూసిన మనిషి. టిఫిన్ డబ్బా దారిలో కనబడినా ఇప్పటికీ చుట్టు తిరిగి పోతుంది. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ టెన్షనే. పక్కింటి చిన్నాయన వచ్చి దూరం నుంచే చూశాడు, కొంచెం దగ్గరికొచ్చి చూశాడు, చివరికి పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి అంటించాడు. టప్పున పట్టుకుంది. "వైరు లేదు, మూత లేదు, అతుకు లేదు. ఇది ఒట్టి ఇనుప గడ్డ వదినా" అని తేల్చేశాడు.

ఇనుప గడ్డ అని తెలిశాక దాని మర్యాద పోయింది. రమ్య వాళ్లమ్మ బీడీలు చేస్తుంది. తడిపిన తునికాకు గుడ్డలో చుట్టి, ఆకు లేవకుండా దాని మీద బరువు పెట్టాలి. అప్పటిదాకా ఇటుక పెట్టేది. ఇప్పుడు ఈ గడ్డ.

పది రోజులు అది అలాగే ఆకు మీద కూర్చుంది. రోజూ తడి తగిలి, రుద్దుకుని, పైన తుప్పు పొరలు పొరలుగా ఊడింది. ఒకరోజు రమ్య చూస్తే చదునుగా ఉన్న వైపు సన్నటి గీతలు. నడిమధ్య నుంచి అంచులకు, ఎండపొడలాగా. ఎవరో గీసినట్టున్నాయి కానీ, గోరు ఆనిస్తే లోపలి నుంచే వచ్చినట్టున్నాయి.

"అమ్మా, ఇది ఎవరో చేసింది."

"చేస్తే చేసిండ్రు గాని, ఆ దారం ఉండ ఇటియ్యి."

ఆదివారం పాత ఇనుప సామాన్ల బండి వచ్చింది. తూకం వేస్తే ఆరువందల ఎనభై గ్రాములు. "బీడు. బీడుకు రేటు తక్కువ. పదిహేడు రూపాయలిస్త" అన్నాడు బండాయన. బీడే అని చూపించడానికి బండి చక్రం మీద పెట్టి సుత్తితో ఒక్కటేశాడు. బీడు అయితే పగలాలి. ఇది పగల్లేదు. గుడి గంట కొట్టి వదిలేసినట్టు సన్నగా మోగింది. ఆయన మళ్లీ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పాతికేళ్లుగా ఇనుము కొంటున్న మనిషి.

"ఇది బీడు గాదు పాపా. ఏందో నాకు ఎరుక లేదు. కమ్మరోళ్లకు చూపియ్యి." పదిహేడు రూపాయలు మాత్రం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఊళ్లో మిగిలింది ఒక్కటే కొలిమి. కమ్మరి తాతకు డెబ్భై దాటాయి. తోలు తిత్తి పోయి కరెంటు ఫ్యాను వచ్చింది. కొడవళ్లకు కక్కు కొట్టడం, గొడ్డళ్లు సానబట్టడం, అంతే పని. ఆయన గడ్డను తిప్పి తిప్పి చూసి, ఆకురాయి తీసి ఒక అంచున రాశాడు. ఆకురాయి కొరకలేదు, జారింది. మళ్లీ రాశాడు. మళ్లీ జారింది. ఆయన కళ్లద్దాలు పైకి తోశాడు.

"ఇది ఇనుము గాదు. ఉక్కు."

"రెండూ ఒకటే కదా తాతా?"

"ఒకటెట్లయితది? నువ్వూ మీ అమ్మా ఒకటేనా?"

చాలా రోజులకు మంచి లోహం చేతికొచ్చిన సంబరం ఆయనకు. "నీకొక చిన్న కత్తి చేసిస్త. మామిడికాయ కోస్తే తెల్వకుండ దిగుతది" అన్నాడు. రమ్య ఎగిరి గంతేసింది. పట్టకారుతో గడ్డను బొగ్గుల్లో పెట్టి ఫ్యాను పూర్తిగా తిప్పాడు. గడ్డ ఒక కొన నిప్పుల్లో, ఇంకో కొన బయట. నిప్పుల్లో ఉన్న వైపు ఎర్రబడింది, పసుపైంది, తెల్లగా చూడలేనంతగా వెలిగింది. బయటికి తీసి దాగలి మీద పెట్టి సమ్మెట ఎత్తాడు.

ఒక్క దెబ్బకు ఆ వైపంతా పొడిపొడి అయిపోయింది. బెల్లం ముద్ద మీద రోకలి పడ్డట్టు. ఎర్రటి పలుకులు నేలంతా దొర్లి నల్లబడ్డాయి.

కాసేపు ఫ్యాను శబ్దమే వినబడింది. తాత వంగి పలుకు మీద పలుకు ఏరి ఒక రేకు డబ్బాలో వేస్తూ, రమ్య మొహం చూడకుండా అన్నాడు. "మా నాయిన చెప్పేటోడు. ఉక్కును ఎర్రగనే కొట్టాలె, తెల్లగ చేస్తే చచ్చిపోతదని. చిన్నప్పుడు విన్న. ఉక్కు కంటి ముంగటికి ఎన్నడు రాకపాయె. మరిచిపోయిన."

రమ్యకు ఏడుపొచ్చింది. తాత మీద కోపం తెచ్చుకుందామన్నా, ఆయన చేతులు వణుకుతుంటే రాలేదు. మిగిలిన సగం చల్లారాక ఇంటికి తెచ్చుకుంది.

ఆ సగాన్ని చూసి జాలిపడింది బాంబని పారిపోయిన బాపమ్మే. కమ్మరి తాత నునుపు చేయబోయి, జానెడు తిప్పలు పడి, గోరంత మెరిపించిన అంచు ఒకటి ఉంది. "ఇత్తడి చెంబుకైతే ఏం చేస్తం? అదే చేద్దాం" అని ఇంత చింతపండు గుజ్జు పట్టించి, గిన్నె బోర్లించి పెట్టింది. తెల్లారి కడిగితే చెంబులాగా తళతళలాడలేదు. నల్లబడింది. బాపమ్మ నాలుక కరుచుకుంది. రమ్య మాత్రం గుమ్మంలోకి తెచ్చి ఎండకు పట్టుకుంది. నలుపులో తెల్లటి సన్న గీతలు. తమలపాకు ఈనెల్లాగా, ఒకదానిలోంచి ఒకటి కొమ్మలు వేసుకుంటూ. వంచితే కనబడతాయి, నిటారుగా పెడితే దాక్కుంటాయి.

సోమవారం అది సోషల్ సార్ బల్ల మీదికి చేరింది. మొక్క ఫొటో పంపని ఒకే ఒక్కరు రమ్య. సార్ ఆ సంగతే అడగబోయి గడ్డను చూసి ఆగిపోయాడు. "ఎక్కడ దొరికింది?" అన్నాడు, మెల్లగా.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టినా ఆయన చెప్పడం ఆపలేదు. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది కదా, మనకు బస్సులో ఎంతో దూరం లేదు, ఒకప్పుడు అక్కడ ఉక్కు వండేవాళ్లు. వండడమే. రెండు రకాల ఇనుము ముక్కలు కలిపి మట్టి మూసలో పెట్టి, మూత వేసి మట్టితో మెత్తి, కొలిమిలో రాత్రీ పగలూ తిత్తి ఊదేవారు. లోపల ఇనుము నీళ్లయ్యేది. మెల్లగా చల్లారనిచ్చి మూస పగలగొడితే ఇదిగో, ఇలాంటి ముద్ద. బొగ్గు గుణం ఇనుములోకి ఎక్కితేనే ఉక్కు. వందలో ఒక పాలు, ఒకటిన్నర పాలు. అదే ఆ గట్టితనం, ఆ గీతలు.

"ఎవరు కొనేటోళ్లు సార్?"

"ఇరాన్ వాళ్లు. ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు ఇక్కడికొచ్చి, దగ్గర కూర్చుని చేయించుకుని పోయేవాళ్లు. కత్తులకు. వైసీ అని ఒక ఇంగ్లీషు డాక్టరు, సర్వే వాళ్లతో వచ్చినాయన, కళ్లారా చూసి రాసిపెట్టాడు. 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు దీన్ని వూట్జ్ అన్నారు. మన ఉక్కే, వాళ్ల నోట్లో అట్లయింది. లండన్‌లో మైకేల్ ఫారడే, మీరు ముందు ముందు కరెంటు పాఠంలో చదువుతారు, 1819లో ఇందులో ఏముందో తేల్చాలని కూర్చున్నాడు. ఆయనా కమ్మరి కొడుకే."

"తెల్లగ కాలిస్తే చచ్చిపోతదా సార్?"

సార్ ఆమె వంక వింతగా చూశాడు. "అవును. ఇంగ్లీషు కమ్మరులకూ మొదట్లో పొడిపొడి అయ్యేదట. నీకెవరు చెప్పారు?"

రమ్య జవాబు చెప్పలేదు. సంచిలోంచి తొక్కుడుబిళ్ల తీసి చూస్తోంది. గాజు మెరుపు వైపు కాదు, ఎప్పుడూ చూడని మట్టి వైపు. సన్నటి గాట్లు, వడ్ల ఊక అచ్చులు, ఒక్కో గింజ పొట్టు గీతలతో సహా. మూస మట్టిలో ఊక కలిపేవాళ్లని సార్ ఇందాకే అన్నాడు. గుండ్రం తిరిగిన పెంకు వంపులో గడ్డ అడుగు ఆనించింది. సరిగ్గా కుదరలేదు, అది ఇంకెవరి మూసదో. కానీ వంపు అదే వంపు. క్లాసులో పిల్లలంతా తమ తమ సంచులు తిరగేశారు. బల్ల మీద పదకొండు తొక్కుడుబిళ్లలు పోగయ్యాయి.

"ఇంకో మాట" అన్నాడు సార్ ఇబ్బందిగా. "1878 నాటి చట్టం ఒకటుంది. భూమిలో దాగి ఉన్నది, పది రూపాయలకు మించి విలువ చేసేది దొరికితే కలెక్టరుకు చెప్పాలి. దీనికి ఎంతొస్తుందన్నారు?"

"పదిహేడు" అంది రమ్య, గొంతు తడబడుతూ. సార్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

రాత్రి మస్కట్ నుంచి బాపు వీడియో కాల్ చేశాడు. ఫోను ముందు గడ్డ పెట్టి అంతా చెప్పింది. ఆయన అక్కడ ఇనుప గేట్లు చేసే షెడ్డులో వెల్డింగు పని చేస్తాడు. చాలాసేపు చూశాడు. "అంటే మాకంటే ముందే మన ఊరి మాలు ఓడెక్కిందన్నట్టు" అని, "వీసా లేకుండనే" అని నవ్వాడు. తర్వాత గీతలున్న అంచును ఇంకోసారి చూపించమన్నాడు. ఇంకోసారి.

బుధవారం తహసీల్దారు ఆఫీసులో కాగితం రాసిచ్చి, గడ్డను అప్పజెప్పి వచ్చారు సారూ, అమ్మా. వేప మొక్కను రమ్య అదే గుంతలో పెట్టింది. ఫొటో కూడా పంపింది, పన్నెండు రోజులు ఆలస్యంగా.

ఆ సాయంత్రం కొలిమి దగ్గరికి పోయి సార్ చెప్పిందంతా తాతకు అప్పజెప్పింది. ఆయన తలూపుతూ విన్నాడు. రేకు డబ్బా కదిలించి, రేగుపండంత పలుకు ఒకటి, నిప్పుకు దూరంగా ఉండి అంతగా కాలనిది, వెతికి తీశాడు.

"తలుపు దగ్గరికెయ్యి. లైటు తీసెయ్యి."

"ఎందుకు తాతా?"

"వెలుతురుల రంగు మోసం చేస్తది."

ఫ్యాను కట్టేసి, పాత విసనకర్రతో ఊదాడు. చీకట్లో పలుకు మెల్లగా ఎర్రబడింది. పండిన రేగుపండు రంగు రాగానే పట్టకారుతో తీశాడు. సమ్మెట కాదు, చిన్న సుత్తి. టిక్. టిక్. రమ్య ఊపిరి బిగబట్టింది. టిక్. మళ్లీ నిప్పుల్లోకి, మళ్లీ దాగలి మీదికి. పలుకు పగల్లేదు. నాలుగోసారికి, గోధుమ గింజంత, సాగింది.