ఓపెన్ డే రీల్ స్క్రిప్ట్: ఒక నిమిషం

(గేటు దగ్గర మొదలు. ఫోన్ నిలువుగా. ఫిల్టర్ వద్దు, వెనక పాట వద్దు. పిల్లల గోల చాలు.)

హెడ్‌మాస్టర్: నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేటలో మా బడి ఇది. లోపలికి రండి.

(రెండో తరగతి గది. మూలన చెమ్మ మరకను తప్పించి తీయొద్దు. శనివారం వచ్చినవాళ్లకు ఎలాగూ కనిపిస్తుంది.)

హెడ్‌మాస్టర్: ఈ గదిలో 28 మంది పిల్లలు, ఒక టీచర్.

(బల్ల దగ్గరికి. ఒక పాప చింతగింజల్ని పదేసి కుప్పలు పెడుతోంది. ముఖం వద్దు, చేతులు చాలు. కట్ చేయకుండా ఉంచండి.)

లెక్కల టీచర్: 34లోంచి 16 తీయమన్నాను. విడిగా ఉన్నవి నాలుగే, ఆరు తీయాలి. చూడండి, ఒక కుప్ప తనే విప్పేసింది. అప్పు తెచ్చుకోవడమంటే అదేనండి. కొందరికి రెండ్రోజుల్లో వస్తుంది, కొందరికి రెండు వారాలు.

తెలుగు టీచర్: వత్తుల దగ్గర అందరూ తడబడతారు. రోజూ ఒక్కొక్కరి చేత పైకి చదివిస్తాను. గొంతు పోతుంది, నాది!

హెడ్‌మాస్టర్: మా గేటుకు ర్యాంకుల ఫ్లెక్సీ లేదు. మీ బాబు ఫస్టు వస్తాడని మాట ఇవ్వలేం. ఎక్కడ వెనకబడ్డాడో మాత్రం నెలకోసారి నోట్‌బుక్ ముందు పెట్టి చెబుతాం. ఆటస్థలం చిన్నదే. ఒకటో తరగతికి ఎంట్రన్స్ టెస్ట్ లేదు, 2009 విద్యా హక్కు చట్టం ఒప్పుకోదు కూడా.

(స్క్రీన్ మీద) ఓపెన్ డే ఈ శనివారం, ఉదయం 9 నుంచి 12 వరకు. క్లాసులు జరుగుతుంటాయి, వెనక బెంచీలో కూర్చుని చూడండి. ఫీజుల పట్టిక గేటు పక్క బోర్డు మీద ఉంది.