ఉద్దేశ ప్రకటన: సృజనాత్మక రచన ఎం.ఏ. ప్రవేశానికి

ప్రవేశ కమిటీ సభ్యులకు నమస్కారం.

ఈ దరఖాస్తుతో జతచేసిన ‘తిరుగు బాడుగ’ పద్నాలుగు పేజీల కథ. ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గరి ఒక పల్లె నుంచి పొగాకు వేలం కేంద్రానికి ఆరు బేళ్లు తీసుకువెళ్లిన రైతు, అయిదు అమ్ముడై ఒకటి ‘నో బిడ్’ కావడంతో, దాన్ని అదే ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకుంటాడు. అంతకు మించి కథలో ఏమీ జరగదు. చెప్పేది ఆటో నడిపే అతను, రైతుకు వరసకు అల్లుడు. పోయేటప్పటి బాడుగ ముందే మాట్లాడుకున్నారు కానీ, సరుకు వెనక్కి వస్తే తిరుగు బాడుగ ఎంత, దాన్ని ఎప్పుడు అడగాలి అన్నది ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. ఆ ఎత్తకపోవడం మీదే పద్నాలుగు పేజీలూ నడుస్తాయి.

ఈ కథను నేను మూడుసార్లు రాశాను. 2021లో రాసిన మొదటి ప్రతి రైతు వైపు నుంచి సాగి, చివరికి అతను పురుగుమందు తాగడంతో ముగిసేది. రాసినప్పుడు నాకది చాలా గొప్ప ముగింపుగా తోచింది. మా అమ్మకు చదివి వినిపిస్తే, చేతిలోని చింతపండు గింజలు తీయడం ఆపకుండానే, “చంపేశావు గదమ్మా, ఇంక తెల్లారి ఆయన ఎట్టా లేచాడో, ఏం తిన్నాడో నువ్వు రాయబన్లేదు” అంది. నాకు కోపం వచ్చింది. రెండు నెలలు ఆ కాగితాలు ముట్టుకోలేదు. మా ప్రాంతంలో అలాంటి చావులు జరిగాయి, వాటిని రాయకూడదని నేను అనను. కానీ నా కథలో ఆ చావు, నాకు చేతకాని మర్నాటి ఉదయాన్ని దాటవేయడానికి పనికివచ్చిందన్న మాట నిజం.

రెండో ప్రతి రైతు కూతురు చెప్పింది, అంటే దాదాపుగా నేనే చెప్పాను. అందులో ప్రతి పేజీలోనూ జాలి పొంగింది. మూడోసారి ఆటో అతనికి అప్పగించాక గానీ కథ నిలబడలేదు, ఎందుకంటే అతనికి ఆ రైతు మీద అభిమానమూ ఉంది, డీజిల్ లెక్కా ఉంది. తొమ్మిదో పేజీలో ఊరి పొలిమేర దగ్గర బండి ఆగిన చోటు ఇలా ఉంటుంది:

“దించుదామా మామా అంటే, ఉండరా అన్నాడు. ఇంట్లో లైటు ఆరిపోయిందాకా చెరువు కట్ట మీద బండి ఆపుకుని కూచున్నాం. ట్రాలీ ఆటోకి మీటరు ఉండదు గాబట్టి సరిపోయింది.”

ఈ మూడు వాక్యాల స్థానంలో ముందు పేజీన్నర ఉండేది. రైతు అప్పులు, వడ్డీ, కూతురి ఫీజు, చీకట్లో కప్పల అరుపు, అన్నీ. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే మీటరు మాట మిగిలింది. అది మిగిలినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

ప్రభావాల గురించి రాయమన్నారు. రచయితల పేర్లు ఇక్కడ రాయడం లేదు. చదవక కాదు, పెద్ద పేరు పక్కన నిలబడితే ఆ గౌరవంలో కొంత నాకూ అంటుతుందన్న ఆశ నాలో ఉందని తెలుసు కాబట్టి, దానికి అవకాశం ఇవ్వకుండా ఉండడమే మంచిదనుకున్నాను. పైగా మా శాఖా గ్రంథాలయంలో నేను తొలిరోజుల్లో చదివిన చాలా పుస్తకాలకు అట్టలు ఉండేవి కావు. ఒక నవల ముప్పై ఒకటో పేజీ నుంచి మొదలైంది. ఎవరు ఎవరికి ఏమవుతారో మాటల్ని బట్టి నేనే తేల్చుకోవాల్సి వచ్చింది, ఇప్పటికీ కథ మొదట్లో పరిచయాలు రాయడానికి నా చెయ్యి రాదు.

నాకు ఎక్కువ నేర్పింది మా నాన్న లెక్కల పుస్తకం. ఏటా ఒక డైరీలో నారు, ఆకు కోత, అల్లకం కూలి, కట్టెలు, గోనెపట్టాలు అని ఖర్చులు రాసేవాడు. ఆంధ్రలో పొగాకుకు పంట విరామం ప్రకటించిన 2000-01 డైరీలో ఆ పద్దులేవీ లేవు. కిరాణా, పాలు, డాక్టరు ఖర్చుల నడుమ ఒకచోట “బ్యారన్‌కు తాళం - 45” అని ఉంది. బ్యారన్ అంటే పొగాకును వేడితో కాల్చి ఆరబెట్టే కొట్టం. అందులో కాల్చడానికి ఆకు లేని ఏడాది ఆ మనిషి బజారుకు వెళ్లి తాళం ఎందుకు కొన్నాడు? నేను అడిగితే గుర్తులేదన్నాడు. ఆ పద్దు నాకు పదిహేడేళ్ల వయసులో కంటబడింది. భావం చెప్పకుండా వస్తువునూ వెలనూ పక్కపక్కన పెట్టి ఊరుకోవడం ఒక పద్ధతి అని, దానికి ఒక పేరు కూడా ఉంటుందని, చాలా తరవాత తెలిసింది.

రెండోది మా నాయనమ్మ. ఆకు కాల్చేటప్పుడు బ్యారన్ పొయ్యి దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, అయిదారు రోజుల్లో 160 దాకా మెల్లగా ఎక్కించాలి. పండకముందే తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, ధర రాదు. ఆమె కథ చెబుతూ చెబుతూ వేడి చూడడానికి లేచేది. వచ్చి కూర్చున్నాక ఆపిన చోటు నుంచి చెప్పేది కాదు, కొంత జరిగిపోయిన తరవాత నుంచి అందుకునేది. మధ్యలో ఏమైందని అడిగితే “నేను ఆడ లేను గదా” అనేది. వేడి పోలిక రచనకు చాలా సులువుగా అతుకుతుందని తెలుసు, అందుకే దాన్ని వాడను. నాకు కావలసింది ఆమె లేచి వెళ్లిన ఆ ఖాళీ. నా కథలో వేలం జరిగిన గంటన్నర లేదు. ఆ సమయంలో ఆటో అతను బయట టీ తాగుతున్నాడు.

ఒంగోలులో బీకాం చదివి, మూడేళ్లుగా చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్లు చూస్తున్నాను. రాయడం రాత్రి తొమ్మిది తరవాత. దీని గురించి చెప్పుకోవలసింది అంతకంటే లేదు.

కోర్సులో చేరితే పొగాకు చేతులు మారే దారి వెంట ఏడెనిమిది కథలు రాయాలని ఉంది. కట్టెలు అమ్మేవాడు, ఆకు అల్లే కూలీ, గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు, కంపెనీ తరఫున కొనుగోలుకు వచ్చే ఉద్యోగి, ఒక్కొక్కరిది ఒక్కో కథ. అందులో కొనుగోలుదారు కథ ఇంతవరకు నాలుగుసార్లు చెడింది. నా వాళ్ల మీది ప్రేమ వల్ల అతను ప్రతిసారీ విలనైపోతున్నాడు, అతనికీ ఒక పై అధికారి, ఒక లక్ష్యం, ఒక ఇల్లు ఉంటాయని తెలిసినా. నేను ఇష్టపడని మనిషి గొంతుతో పది పేజీలు నిజాయితీగా రాయడం నాకింకా రాలేదు, అది వర్క్‌షాపులో ఇతరులు చదివి ఎత్తిచూపితే తప్ప వస్తుందని అనిపించడం లేదు.

యాస విషయంలోనూ నాకు తేలని సంగతి ఒకటుంది. సంభాషణల్లో మా యాసను ఉంచి, కథనాన్ని పత్రికల భాషలో నడిపితే, పాత్రలను కింద కూర్చోబెట్టి నేను కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. ‘తిరుగు బాడుగ’లో మొత్తం ఆటో అతని మాటే కాబట్టి ఆ చిక్కు తప్పింది. తరవాతి కథల్లో తప్పదు.

సమర్పించిన ప్రతిలో ఒక లోపం నాకు తెలుసు. రైతు భార్యకు పద్నాలుగు పేజీల్లో మూడే మాటలున్నాయి, మూడూ అన్నం గురించే. అది ఆమె మౌనమని మొదట సమర్థించుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆమె ఏమనుకుంటుందో కనుక్కునే శ్రమ నేను పడలేదనిపిస్తోంది. గడువులోగా సరిచేయలేకపోయాను, అడిగితే మొదటి రెండు ప్రతులను కూడా పంపగలను.