ఇసుక, బొగ్గుతో బురదనీటి వడపోత

న్యాయనిర్ణేతలకు, గురువులకు నమస్కారం. ఈ గ్లాసులో ఉన్నది గోదావరి వరదనీరు.

అడుగు కోసిన రెండు లీటర్ల సీసాను తలకిందులుగా నిలబెట్టాం. మూతికి నూలుగుడ్డ కట్టి, లోపల 5 సెంటీమీటర్లు నలగ్గొట్టిన బొగ్గు, 10 సెంటీమీటర్లు సన్న ఇసుక, పైన గులకరాళ్లు వేశాం. ఇసుక రేణువుల సందుల్లో మట్టి చిక్కుకుంటుంది. బొగ్గులో కంటికి కనపడని రంధ్రాలెన్నో! వాసన, రంగు కలిగించే పదార్థాలు వాటి గోడలకు అంటుకుంటాయి. అందుకే బొగ్గు కిందుండాలి. పైనుంటే బురద ఆ రంధ్రాలను పూడ్చేస్తుంది.

నీళ్లు నల్లగా దిగుతున్నాయంటే బొగ్గు సరిగా కడగలేదన్నమాట. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఇసుకలో గుంట పడి, బురద నేరుగా జారుతుంది. ధార సన్నబడితే పై ఇసుక తీసి కడగాలి.

చూడండి, నీరు తేటగా వచ్చింది. అయినా ఇప్పుడే తాగకండి! సూక్ష్మజీవులు ఇంకా ఉంటాయి, తెర్లేదాకా మరిగించాల్సిందే.