చూపు

ఆ రోజు మధ్యాహ్నం మా ఫొటో స్టూడియోకి వచ్చినాయన పెళ్లికూతురి అన్న. నేరుగా నా కుర్చీ వెనక్కొచ్చి నిలబడి, "తమ్ముడూ, చిన్న పని, పెళ్లికొడుకు ముఖం ఒక్కటి మార్చాలి" అన్నాడు, అదేదో లైటింగ్ కాస్త పెంచమన్నంత తేలిగ్గా.

ఆ పెళ్లి గొడవ నాకు కొంచెం తెలుసు. అమ్మాయి తనంతట తానే ఒకతన్ని చేసుకుంది, ఇంట్లోవాళ్లకి ఇష్టం లేదు, ఇప్పుడు అసలా పెళ్లే జరగలేదని ఒకరు, జరిగిందని ఒకరు, కేసు దాకా వెళ్లింది. ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం అదే రోజు, అదే హాల్లో, ఆమె పెళ్లి వాళ్లు చూసిన సంబంధంతోనే జరిగింది. రుజువు కావాలి కదా, అందుకని ఆల్బమ్.

మా ఓనరన్న నా వైపు చూడలేదు. స్టూడియో అద్దె మూడు నెలలు బాకీ ఉందని నాకు తెలుసు, ఆయన చూడకపోవడానికి కారణం అదేనని కూడా తెలుసు. "ఒక్క ఫొటో ట్రై చెయ్, బాగుంటే చూద్దాం" అన్నాడు.

చేశాను. ఇక్కడే నిజం చెప్పాలి, నాకు కొంచెం ఉత్సాహంగానే ఉంది. వాళ్లిచ్చింది ఆ సంబంధం అబ్బాయిది, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, నలిగిపోయి, కిటికీ పక్కన తీసింది, వెలుతురు ఎడమ నుంచి. మా స్టేజీ లైట్లేమో కుడి నుంచి. ముఖాన్ని ఫ్లిప్ చేస్తే నీడ సరిపోయింది గానీ ఆయన బుగ్గ మీది పుట్టుమచ్చ అవతలి బుగ్గకి పోయింది. దాన్ని చెరిపి మళ్లీ ఇవతల పెట్టాను. మెడ దగ్గర మాస్క్ మెత్తగా చేసి, రంగు కలిపి, మిగతా ఫొటోకి ఉన్నంత గ్రెయిన్ దీనికీ వేశాను. రెండు గంటల్లో అతుకు కనపడలేదు. భయమేసింది అప్పుడే. ఇంత బాగా వస్తుందనుకోలేదు.

"అబ్బా" అన్నాడు ఆయన. తర్వాత కాసేపు చూసి, "కానీ మావాడు ఇంత పొడుగు కాదు, కొంచెం తగ్గించు" అన్నాడు.

తగ్గించాను. ఒళ్లంతా సెలెక్ట్ చేసి చిన్నది చేసి, వెనక ఖాళీ అయిన చోట తెర రంగు నింపాను. స్క్రీన్‌కి దూరంగా జరిగి చూస్తే ఏదో తేడా కొడుతోంది. నీడ బాగుంది, భుజం బాగుంది. చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. అమ్మాయి తలెత్తి నవ్వుతోంది. ఆమె చూపు ఆ కొత్తాయన తల మీదుగా, ఎవరూ లేని చోటికి, తెర మీదకి పోతోంది. అక్కడ ఇందాకటి వరకూ ఒక మనిషి ముఖం ఉండేది.

"అయితే ఆమె కళ్లు కూడా దించెయ్" అన్నాడు అన్నగారు. సొంత చెల్లెలి కళ్లు.

కంట్రోల్ జెడ్ కొడుతూ వెనక్కి పోయాను. పొడుగు తిరిగొచ్చింది, ముఖం తిరిగొచ్చింది. "నా వల్ల కాదండీ" అన్నాను. గొంతు వణికింది, అంత వీరత్వమేమీ లేదు.

ఆయన అరిచాడు. ఎంతైనా ఇస్తానన్నాడు, నన్ను తీసేసి ఇంకో కుర్రాణ్ణి పెట్టుకోమని ఓనరన్నకి చెప్పాడు, సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తానని వెళ్లిపోయాడు.

ఓనరన్న వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నాకు పని నేర్పిన కొత్తలో ఆయనే చెప్పాడు, మొటిమ తీసెయ్, పుట్టుమచ్చ మాత్రం ముట్టుకోకు అని. ఆ మాట గుర్తు చేద్దామనుకుని మానేశాను. ఆయనే మౌస్ తీసుకుని ఆ ఫొటోని పెద్దది చేసి, ఆమె కళ్ల దగ్గర ఆపి, చాలాసేపు చూశాడు.

సాయంత్రం ఫోన్ మోగితే, "కార్డు కరప్ట్ అయిందండీ, ఒరిజినల్స్ ఏవీ లేవు" అని చెప్పి పెట్టేశాడు.

నాకు హాయిగా అనిపించాలి. అనిపించలేదు. "అన్నా, రేపు ఆ అబ్బాయి వచ్చి నా పెళ్లి ఫొటోలు ఇవ్వమంటే అతనికీ ఇదే చెప్తామా?" అన్నాను. ఆయన లేచి షట్టర్ సగం దించి, "నీకు తాళం తెలుసుగా, వేసి వెళ్లు" అన్నాడు.

ఆయన బండి వెళ్లిన శబ్దం విన్నాక, నేను చేసిన ఫైల్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. కార్డు శుభ్రంగానే తెరుచుకుంది. 412 రా ఫైళ్లు. వాటిని రెండు డ్రైవుల్లోకి కాపీకి పెట్టి, అది అయ్యేలోపు రసీదు పుస్తకంలో ఆర్డర్ ఇచ్చినవాళ్ల పేరు వెతికాను. అబ్బాయి పేరు లేదు. అమ్మాయిదే ఉంది, పక్కన ఆమె నంబరు, కింద ఆమె సంతకం. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కాపీ ఇంకా సగం కూడా కాలేదు.