మబ్బుకోన: మంచు విడిచేలోపు
పర్యాటక ప్రచార వీడియో స్క్రిప్టు, నిడివి 3 నిమిషాలు

0:00–0:15
దృశ్యం: తెల్లవారుజాము. లోయ నిండా పొగమంచు, పైకి తేలిన రెండు శిఖరాలు. కెమెరా కదలదు. గాలి చప్పుడు, ఒక పక్షి కూత. మాట లేదు, సంగీతం లేదు. ఎడిటింగులో దీన్ని కుదించవద్దు.

0:15–0:55
దృశ్యం: మంచు అంచున తొలి ఎండ.
వాయిస్: రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. పొగమంచు అక్కడే పేరుకుంటుంది. ఎండెక్కే కొద్దీ విడిపోతుంది కాబట్టి, సూర్యోదయానికి అరగంట ముందే వ్యూపాయింటుకు చేరండి.
తెర మీద: బస్టాండు నుంచి 3 కి.మీ. నడకైతే 50 నిమిషాలు. టార్చి తెచ్చుకోండి.
దగ్గరి షాట్, 6 సెకన్లు: గడ్డిపోచ కొనన నీటిబొట్టు, అందులో తలకిందులైన కొండ. వాయిస్ ఆగాలి.
వాయిస్: చలిలోంచి వెచ్చని గదిలోకి రాగానే లెన్సు మసకబారుతుంది. కెమెరాను బ్యాగులోనే అరగంట ఉంచి, తర్వాత తీయండి.

0:55–1:20
దృశ్యం: పైనుంచి ఘాట్ రోడ్డు, 18 హెయిర్‌పిన్ మలుపులు.
వాయిస్: కొండ అడుగు నుంచి ఊరికి 1,200 మీటర్ల ఎత్తు. కింద 30 డిగ్రీలుంటే పైన సుమారు 22. ఒకే మందపాటి కోటు కన్నా పలచని బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకోవడం మేలు. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డును చూడాలి, ఫోన్ చూడకూడదు. మలుపుల్లో సిగ్నల్ ఉండదు. మ్యాపు కిందే డౌన్‌లోడ్ చేసుకోండి.

1:20–1:55
దృశ్యం: జలపాతం. ముందు చప్పుడు, 4 సెకన్ల తర్వాత నీళ్లు.
వాయిస్: నల్లగా మెరిసే రాయి మీద నాచు ఉంటుంది, కాలు పెట్టొద్దు. ఇక్కడ వాన లేకపోయినా పైన కురవచ్చు. నీరు బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా సామాన్లు వదిలేసి వెంటనే గట్టెక్కండి.

1:55–2:45
దృశ్యం: మధ్యాహ్నం, శిఖరం నీడ ఊరి మీదికి పాకుతుంది.
వాయిస్: పడమటి కొండ చాటున ఇక్కడ ఎండ ముందే పోతుంది. సాయంత్రం 4 కల్లా దిగడం మొదలుపెట్టండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పోయకండి. న్యూట్రల్‌లో అసలు దిగొద్దు. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వండి, వాలులో ఆగితే మళ్లీ కదలడం దానికే కష్టం.
తెర మీద: పొగమంచులో లో బీమ్. హై బీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి కళ్లలోకే తిరిగొస్తుంది.

2:45–3:00
దృశ్యం: మలుపులో దిగిపోతున్న బస్సు వెనక దీపాలు. లోయలో మళ్లీ చేరుతున్న మంచు. గాలి చప్పుడు మాత్రమే.
తెర మీద: మబ్బుకోన.