సిఫారసు లేఖ కోసం సార్‌కు వినతి

మొదట రాసుకున్నది:

సార్ నమస్తే. బాగున్నారా? నాకు ఒక రికమండేషన్ లెటర్ కావాలి, కొంచెం అర్జంటు. రెండు రోజుల్లో పంపేయండి. మీకు నచ్చినట్టు ఏదైనా రాయండి. థాంక్స్ సార్.

తిరగరాసి పంపినది:

విషయం: వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు సిఫారసు లేఖ, నవంబరు 20లోగా

గౌరవనీయులైన సార్‌కు,

నమస్కారం. నేను శిరీషను. కడపలో మన కళాశాలలో మీ దగ్గర బీఎస్సీ భూగర్భశాస్త్రం చదివాను. ఇప్పుడు అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను.

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తున్నాను. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకోవచ్చు. దీనికి నా పని తెలిసిన అధ్యాపకుల లేఖ కావాలి. క్షేత్రంలో నా పనిని దగ్గరుండి చూసింది మీరే కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను.

మీ దగ్గర ఎందరో చదివారు కనుక ఒక సంగతి గుర్తు చేస్తాను. మూడో సంవత్సరంలో మనం వేంపల్లె డోలమైట్ చూడటానికి వెళ్లినప్పుడు స్ట్రొమాటోలైట్ పొరల మందం కొలిచే పని మీరు నాకు అప్పగించారు. 180 కోట్ల ఏళ్లకు పైబడిన ఆ రాతిలో ఒకప్పటి సూక్ష్మజీవుల పొరలు గోపురాల్లా పైకి ఉబ్బి కనిపించాయి. నేను కొలతలు రాసుకున్న పుస్తకం చూసి, ప్రతి కొలత పక్కన బొమ్మ కూడా వేసినందుకు మీరు మెచ్చుకున్నారు. తర్వాత ఆ నమూనాల పలుచని ఛేదాలను మైక్రోస్కోపు కింద చూసి సెమినార్‌లో చెప్పాను. పరిశోధన వైపు నా మనసు మళ్లింది ఆ పనితోనే.

మీకు సమ్మతమైతే లేఖలో ఈ క్షేత్ర పని, ప్రయోగశాల పని గురించి రాస్తే నాకు ఎంతో మేలు. ఇవి కేవలం జ్ఞాపకానికే, ఏమి రాయాలన్నది పూర్తిగా మీ అభిప్రాయం. ఒక పేజీ చాలు. మార్కుల జాబితా, ఆ కొలతల పుస్తకంలోని రెండు పేజీల ఫొటోలు, నేను దరఖాస్తుకు రాసిన ఆంగ్ల వివరణ జతచేశాను. గడువు నెలాఖరు వరకు ఉంది, 20వ తేదీకి అందితే నిశ్చింతగా పంపగలను. లేఖ ఎలా పంపాలో కూడా ఒక కాగితంలో రాసి జతచేశాను. సంతకం చేసిన ప్రతి ఇవ్వడమే మీకు సులువైతే, ఏ శనివారమైనా కడప వచ్చి తీసుకుంటాను.

పరీక్షల పనిలో తీరిక లేకపోయినా, నా గురించి రాయడానికి తగినంత తెలియదనిపించినా ఒక్క మాట చెప్పండి సార్. వేరుగా అనుకోను, ఇక్కడి మరో అధ్యాపకులను అడుగుతాను. 17వ తేదీన ఒక్కసారి గుర్తు చేస్తాను, అంతకు మించి ఇబ్బంది పెట్టను.

మీ విద్యార్థిని,
శిరీష