ఆఫర్ లెటర్ – ఫిబ్రవరి 16 జాయినింగ్, నోటీస్ పీరియడ్ బైఅవుట్ గురించి

2026 జనవరి 5, సోమవారం

రవికిరణ్ గారికి నమస్కారం.

శుక్రవారం పంపిన ఆఫర్ లెటర్ అందింది. రెండుసార్లు చదివాను. క్వాలిటీ అష్యూరెన్స్ మేనేజర్ హోదా, నెలకు 1,50,000 గ్రాస్ జీతం, తుర్కపల్లి సైట్ – మూడూ మనం ఫోన్లో అనుకున్నట్టే ఉన్నాయి. వీటిలో నేను మార్చమని అడిగేది ఏమీ లేదు. ఈ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. అందుకే ఒక్క విషయం సంతకం పెట్టకముందే తేల్చుకుందామని ఈ మెయిల్ రాస్తున్నాను.

లెటర్‌లో జాయినింగ్ తేదీ ఫిబ్రవరి 16 అని ఉంది. మార్చి 2న మాక్ ఆడిట్ ఉందనీ, దానికి కనీసం రెండు వారాల ముందు నేను సైట్‌లో ఉండాలనీ ఇంటర్వ్యూలో సైట్ హెడ్ గారు చెప్పారు. ఆ అవసరం నాకు అర్థమైంది. పరవాడలో మా ప్లాంట్‌కి ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు ఆఖరి పది రోజులు ఎలా గడుస్తాయో చూసినదాన్ని. ఆడిట్ ముందు రోజు వచ్చి ఫైళ్ళు తిరగేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు.

ఇబ్బందల్లా నా నోటీస్ పీరియడ్‌తోనే. ఇక్కడ అది 90 రోజులు. ఈ గురువారం, జనవరి 8న రాజీనామా ఇస్తే నా ఆఖరి పనిదినం ఏప్రిల్ 7 అవుతుంది. మీ దగ్గర ఫిబ్రవరి 16న చేరాలంటే ఇక్కడ ఫిబ్రవరి 14 వరకే పనిచేయగలను. అంటే 38 రోజులు. ఇంకా 52 రోజులు బాకీ పడతాయి. నా అపాయింట్‌మెంట్ లెటర్ 11వ క్లాజులో, పనిచేయని నోటీస్ రోజులకు గ్రాస్ జీతం లెక్కన రికవరీ చేస్తామని స్పష్టంగా ఉంది. బేసిక్ లెక్కన అయితే ఇందులో సగమే అయ్యేది, ఆ అవకాశం లేదు. ఆ పేజీ కాపీ జత చేశాను, డిసెంబర్ పేస్లిప్ కూడా.

లెక్క ఇదీ. ప్రస్తుత గ్రాస్ 1,20,000, అంటే రోజుకు 4,000. 52 రోజులకు 2,08,000 అవుతుంది. నా ఖాతాలో 22 ఎర్న్‌డ్ లీవులు ఉన్నాయి. వాటిలో 12 రోజులు నోటీస్‌లో సర్దుబాటు చేయమని మా వాళ్ళను అడుగుతాను. ఆ 12 లీవులు డబ్బుగా తీసుకుంటే బేసిక్ లెక్కన నాకు 24,000 వచ్చేవి, అవి నా వంతు అనుకుంటున్నాను. ఇక మిగిలేవి 40 రోజులు, 1,60,000 రూపాయలు. ఈ మొత్తాన్ని నోటీస్ పీరియడ్ బైఅవుట్ కింద సంస్థ భరించాలని కోరుతున్నాను.

ఇది జీతం పెంచమని మరో దారిలో అడగడం కాదు. జాయినింగ్ తేదీ ఏప్రిల్ 8కి మారిస్తే ఈ 1,60,000లో ఒక్క రూపాయి కూడా అడగను, నోటీస్ అంతా ఇక్కడే పూర్తి చేసి వస్తాను. మీకు నేను ఫిబ్రవరిలో కావాలి కాబట్టే ఈ ఖర్చు పుడుతోంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ వేరియబుల్ పే మార్చి 31 నాటికి రోల్స్‌లో ఉన్నవాళ్ళకే మే నెల జీతంతో ఇస్తారు. పోయిన మేలో నాకు 1,10,000 వచ్చింది. ఫిబ్రవరిలో వచ్చేస్తే ఈ ఏడాదిది పోతుంది. దాన్ని నా లెక్కలో కలపలేదు, కలపమని అడగడం కూడా లేదు. తొందరగా రావడానికి నేను వదులుకుంటున్నది కూడా మీ దృష్టిలో ఉండాలని మాత్రమే చెబుతున్నాను.

మీ పాలసీలో బైఅవుట్ అనే పద్దు లేకపోతే జాయినింగ్ బోనస్‌గా ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఏ పేరుతో ఇచ్చినా నా చేతికి వచ్చేసరికి అది జీతంలో భాగమే, పన్ను పడుతుంది. కొత్త పన్ను విధానంలో ఈ ఆర్థిక సంవత్సరం నా ఆదాయానికి 1,60,000 మీద సుమారు 29,000 పన్ను పోతుంది. కానీ పాత సంస్థకు నేను కట్టాల్సింది పూర్తి 1,60,000. అందుకని జాయినింగ్ బోనస్ అయితే 1,95,000 అని రాయించగలరా? పన్ను పోను చేతికి సుమారు 1,59,000 మిగులుతుంది. మార్చి నెల జీతంలోపే ఇస్తే మేలు. మార్చి దాటితే కొత్త ఆర్థిక సంవత్సరంలో పెద్ద జీతం మీద పడి పన్ను ఇంకా పెరుగుతుంది.

నోటీస్ రికవరీ మీద కొన్ని సంస్థలు 18 శాతం జీఎస్టీ కూడా వేసేవి. 2022 ఆగస్టు 3న సీబీఐసీ ఇచ్చిన 178/10/2022 సర్క్యులర్ ప్రకారం అది పడదు. కాబట్టి ఆ పేరుతో తర్వాత మళ్ళీ మీ దగ్గరికి రాను.

రాజీనామా ఇచ్చిన రోజే ముందస్తు రిలీవింగ్ కోసం మా మేనేజర్ గారిని అడుగుతాను. ఆయన ఎన్ని రోజులు మాఫీ చేస్తే అన్ని రోజుల డబ్బు మీకు ఇచ్చిన లెక్కలోంచి తగ్గుతుంది. ఫుల్ అండ్ ఫైనల్ స్టేట్‌మెంట్ రాగానే పంపిస్తాను, అందులో పడిన రికవరీకే మీరు చెల్లించండి. అయితే రేపో ఎల్లుండో నేను బ్యాగు సర్దుకుని వచ్చేసే పరిస్థితి మాత్రం కాదు. నా పేరు మీద ఆరు డీవియేషన్లు, పదకొండు కాపాలు తెరిచి ఉన్నాయి, రెండు ఉత్పత్తుల వార్షిక క్వాలిటీ రివ్యూ సగంలో ఉంది. ఇవన్నీ ఒకరికి అప్పగించి, వాళ్ళ సంతకం తీసుకునే బయటికి రావాలి. 38 రోజుల్లో అది చేయగలను, అంతకన్నా తక్కువలో అయితే కష్టం.

ఈ మాట ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. 2019లో ఉద్యోగం మారినప్పుడు "చేరాక చూసుకుందాం, అది మా బాధ్యత" అని ఫోన్లో చెప్పారు. చేరాక ఆ మాట చెప్పిన మనిషే సంస్థ మారిపోయారు. 42,000 నా చేతి నుంచి కట్టాను. రిలీవింగ్ లెటర్ కోసం అప్పటికప్పుడు మా అన్నయ్య దగ్గర తీసుకున్నాను. మిమ్మల్ని అనుమానించి ఇది చెప్పడం లేదు. కాగితం మీద ఉంటే మీకూ నాకూ ఏ టెన్షన్ ఉండదు.

ఆఫర్ గడువు 9వ తేదీ వరకు ఉంది. బుధవారం సాయంత్రంలోగా మీ జవాబు వస్తే గురువారం ఉదయమే రాజీనామా ఇస్తాను. ఫోన్లో మాట్లాడాలనుకుంటే సాయంత్రం ఏడు తర్వాత ఎప్పుడైనా చేయండి. పగలు ప్లాంట్‌లో ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు.

నమస్కారాలతో,
మాధవి


2026 జనవరి 6, మంగళవారం

మాధవి గారూ, నమస్తే.

వివరంగా రాసినందుకు థ్యాంక్స్. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాను. మీ గ్రేడ్‌కి బైఅవుట్ పరిమితి 1,00,000. దాన్ని ఫుల్ అండ్ ఫైనల్ స్టేట్‌మెంట్ చూసి రీయింబర్స్ చేస్తాం. దాంతోపాటు 50,000 జాయినింగ్ బోనస్ ఇవ్వగలం. అది ఆరు నెలల ప్రొబేషన్ పూర్తయ్యాక వస్తుంది. రెండు మొత్తాలకీ 24 నెలల షరతు ఉంటుంది, ఈలోగా మానేస్తే పూర్తిగా వెనక్కి కట్టాలి. 1,95,000కి మాత్రం అనుమతి రాదు. మీ అభిప్రాయం చెప్పండి.

రవికిరణ్


2026 జనవరి 7, బుధవారం

రవికిరణ్ గారికి,

ఇంత త్వరగా అడిగి చెప్పినందుకు కృతజ్ఞతలు. గ్రేడ్ పరిమితి మీ చేతిలో లేదని అర్థమైంది, 1,95,000 మాట వదిలేస్తున్నాను. మీరు చెప్పిన 1,50,000 లోపలే సర్దుకునే దారి ఒకటి కనిపించింది.

జాయినింగ్ ఫిబ్రవరి 16 బదులు 23 సోమవారానికి మార్చండి. మాక్ ఆడిట్‌కి అప్పటికి ఇంకా ఒక పూర్తి వారం ఉంటుంది. ఇక్కడ 21 వరకు పనిచేస్తే 45 రోజులు పూర్తవుతాయి. మిగిలిన 45లో నా 12 లీవులు పోను 33 రోజులు, 1,32,000. మీరు ఇచ్చే 1,50,000లో పన్ను పోతే చేతికి సుమారు 1,23,600 వస్తుంది. తేడా ఎనిమిది వేల పైచిలుకు నేనే పెట్టుకుంటాను. ఆ వారం రోజుల లోటు సైట్ హెడ్ గారికి ఇబ్బంది కాకుండా, చేరిన రోజు నుంచే మాక్ ఆడిట్ బృందంలో కూర్చుంటాను. నాకు అవసరమైన ఎస్‌ఓపీ ట్రైనింగ్‌లు మొదటి రెండు రోజుల్లోనే పెట్టించండి.

కానీ రెండు విషయాల్లో మీ సాయం కావాలి. మొదటిది, 50,000 ప్రొబేషన్ తర్వాత అంటే ఆగస్టు అవుతుంది. ఇక్కడ రికవరీ నా ఫుల్ అండ్ ఫైనల్‌లో ముందే పడుతుంది, చాలకపోతే ఆ తేడా కట్టాకే రిలీవింగ్ లెటర్ ఇస్తారు. ఆ లెటర్ మీ జాయినింగ్ ఫైల్‌కీ కావాలి కదా. ఆగస్టులో వచ్చే డబ్బు మార్చిలో పడే భారానికి పనికిరాదు. అందుకే మార్చి జీతంతో ఇవ్వమంటున్నాను. రెండోది, 24 నెలలకు పూర్తి మొత్తం వెనక్కి ఇవ్వాలనడం చాలా బరువు. 23 నెలలు పనిచేసి ఇంట్లో ఏదైనా అవసరం వచ్చి మానాల్సివస్తే, పన్ను కట్టేసిన డబ్బు కూడా నేను నిండుగా కట్టాల్సివస్తుంది. 12 నెలలు, పనిచేసిన నెలల మేరకు తగ్గుతూ వచ్చేలా ఉంటే సంతోషంగా సంతకం పెడతాను.

లెటర్‌లో వేయడానికి వీలుగా వాక్యాలు రాశాను, మీ లీగల్ వాళ్ళు సరిచూసుకోవచ్చు:

"ఉద్యోగి 2026 ఫిబ్రవరి 23న చేరిన పక్షంలో, ప్రస్తుత సంస్థ ఇచ్చిన ఫుల్ అండ్ ఫైనల్ స్టేట్‌మెంట్ ఆధారంగా నోటీస్ పీరియడ్ రికవరీని 1,00,000 రూపాయల వరకు, ఆ స్టేట్‌మెంట్ అందిన 7 పనిదినాల్లో సంస్థ చెల్లిస్తుంది. అదనంగా 50,000 రూపాయల జాయినింగ్ బోనస్‌ను 2026 మార్చి నెల జీతంతో చెల్లిస్తుంది. చేరిన తేదీ నుంచి 12 నెలలలోగా ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే, మిగిలిన నెలల నిష్పత్తిలో ఈ మొత్తాలను తిరిగి చెల్లించాలి. సంస్థ వైపు నుంచి ఉద్యోగం రద్దయితే ఈ షరతు వర్తించదు. క్రమశిక్షణా చర్య కింద తొలగించిన సందర్భానికి ఈ మినహాయింపు లేదు."

ఈ మార్పులతో సవరించిన లెటర్ ఈ రాత్రి వచ్చినా, రేపు ఉదయం తొమ్మిదిలోపు వచ్చినా చాలు. సంతకం చేసి వెంటనే స్కాన్ పంపుతాను, పది గంటలకు మా మేనేజర్ గారిని కలిసి రాజీనామా ఇస్తాను. ఆమోదం మెయిల్ రాగానే మీకు ఫార్వర్డ్ చేస్తాను.

12 నెలల విషయం కుదరకపోతే 18కి ఒప్పుకుంటాను, నెలలవారీ తగ్గింపు మాత్రం ఉండాలి. మార్చి జీతం అన్న మాట మాత్రం దయచేసి మార్చకండి.

నమస్కారాలతో,
మాధవి